పంట రుణానికి సంతకం పెట్టే ముందు అడగాల్సినవి: ఏడు శాతం వడ్డీ నాలుగుకు దిగాలంటే

పంట రుణం నాలుగు శాతం వడ్డీకే వస్తుందని అందరూ చెబుతారు. నిజానికి బ్యాంకు ఇచ్చేది ఏడు శాతానికి. అది నాలుగు అవుతుందా, ఏడుగానే ఉంటుందా, పైకి ఎక్కుతుందా అన్నది ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంటుంది. ఆ తేదీ ఏమిటో అప్పు తీసుకున్న రోజున చాలామందికి తెలియదు. మా ఇంట్లోనూ తెలియలేదు. ఒక ఏడాది మా నాన్న లక్షా ఇరవై వేలు తీసుకుని, అసలూ వడ్డీ మొత్తం కట్టేశారు. కానీ గడువు దాటి నాలుగు రోజులకు కట్టారు. ఆ నాలుగు రోజులకు పోయింది 3,600 రూపాయలు. కౌంటర్ దగ్గర అడిగితే "గడువు అయిపోయింది కదా పెద్దాయనా" అన్నారు. గడువు ఫలానా రోజని అంతకుముందు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అందుకే ఈ ప్రశ్నలు రాస్తున్నాను. రెండెకరాల మిర్చి వేసే రైతు రెండు లక్షలు తీసుకుంటున్నాడనుకుని లెక్కలు వేశాను. మీ పంట వేరైతే నెలలు మార్చుకోండి, లెక్క మారదు.

బ్యాంకుకు వెళ్లకముందు: డబ్బు చేతికి వచ్చే నెల రాసుకోండి

ఒక కాగితం మీద రెండు వరుసలు రాయండి. మొదటి వరుసలో ఏ నెలలో ఎంత ఖర్చు అవుతుందో, రెండో వరుసలో పంట డబ్బు ఏ నెలలో చేతికి వస్తుందో. కోత నెల కాదు, డబ్బు వచ్చే నెల రాయాలి. వరి అయితే కోశాక కొనుగోలు కేంద్రంలో తూకం వేయాలి, తర్వాత ఖాతాలో పడాలి. పత్తి ఒక్కసారిగా రాదు, మొదటి తీతకూ చివరి తీతకూ మధ్య నెలలు గడుస్తాయి. మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతకు వస్తుంది. ఎండబెట్టి, తాలు ఏరి, టిక్కీలు కట్టి యార్డుకు తోలేసరికి ఇంకొన్ని రోజులు పడుతుంది. పైగా గుంటూరు మిర్చి యార్డుకు మే నెలలో ఎండల సెలవులు ఇస్తారు. మీ అప్పు గడువు జూన్ మొదట్లో ఉంటే, డబ్బు కావలసిన సమయానికే యార్డు మూసి ఉంటుంది. ఈ కాగితం జేబులో పెట్టుకునే బ్యాంకుకు వెళ్లండి.

మొదటి ప్రశ్న: "ఇది కిసాన్ క్రెడిట్ కార్డు కింద ఇచ్చే పంట రుణమేనా?"

అడగడానికి చిన్న ప్రశ్నే, కానీ దీనికి అవునని జవాబు రాకపోతే మిగతావి అడిగి ప్రయోజనం లేదు. 2020 ఏప్రిల్ నుంచి కేంద్రం వడ్డీ రాయితీ కేసీసీ ద్వారా ఇచ్చిన స్వల్పకాలిక రుణాలకే వర్తిస్తోంది. బంగారం పెట్టి తీసుకునే వ్యవసాయ గోల్డ్ లోన్ త్వరగా చేతికి వస్తుంది కాబట్టి చాలామంది అటు వెళ్తారు. పొలం పాసుపుస్తకం జిరాక్స్ తీసుకున్నారు కాబట్టి అది పంట రుణమే అనుకుంటారు. కేసీసీ ఖాతా కాకపోతే ఆ అప్పుకు రాయితీ రాదు. మీకు ఇచ్చేది ఏదో మంజూరు పత్రంలో చూసుకోండి, అర్థం కాకపోతే ఫీల్డ్ ఆఫీసర్‌తో చదివించుకోండి.

అదే సందర్భంలో ఆధార్ అనుసంధానం అయిందో లేదో కూడా అడగండి. అది లేకపోతే రాయితీ లెక్కలో మీ పేరు చేరదు. మరో బ్యాంకులోనో సొసైటీలోనో పంట రుణం ఉంటే దాచకండి. ఎన్ని చోట్ల తీసుకున్నా రాయితీ ఒక రైతుకు మొత్తం కలిపి ఒక పరిమితి వరకే ఉంటుంది. 2025-26లో ఆ పరిమితి 3 లక్షలు. అంతకు మించిన సొమ్ముకు బ్యాంకు తన మామూలు వడ్డీ వేస్తుంది.

రెండో ప్రశ్న: "నా దగ్గర ఏడు శాతం వసూలు చేసి మూడు తర్వాత వేస్తారా, ముందే తగ్గిస్తారా?"

ఈ రాయితీలో రెండు ముక్కలున్నాయి. ఒక ముక్క ఒకటిన్నర శాతం. అది కేంద్రం నేరుగా బ్యాంకుకు ఇస్తుంది. దాని వల్లే బ్యాంకు మీకు ఏడు శాతానికి ఇవ్వగలుగుతోంది. ఆ ముక్క మీ పాసుబుక్కులో ఎక్కడా కనబడదు, దాని కోసం వెతకకండి. రెండో ముక్క మూడు శాతం. అది మీది. గడువు లోపల కడితేనే వస్తుంది. ఏడులో మూడు పోతే మిగిలేది నాలుగు.

మన ఊళ్లో లెక్కల్లో చెప్పాలంటే, నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి పన్నెండు శాతం. ఏడు శాతం అంటే సుమారు యాభై ఎనిమిది పైసల వడ్డీ, నాలుగు శాతం అంటే ముప్పై మూడు పైసల వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చేవాళ్లకు ఈ తేడా ఎంతటిదో విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన మిర్చి రైతు లెక్క చూద్దాం. జూన్ 10న రెండు లక్షలు తీసుకుని, వచ్చే జూన్ 10 లోపల కట్టాలి. ఏడు శాతం చొప్పున ఏడాది వడ్డీ 14,000. అందులో 6,000 ప్రోత్సాహకంగా తిరిగి వస్తే, అసలు ఖర్చు 8,000. చాలా శాఖల్లో ముందు 14,000 కట్టించుకుని 6,000 తర్వాత జమ చేస్తారు. కాబట్టి గడువు రోజున మీ చేతిలో 2,08,000 ఉంటే సరిపోదు, 2,14,000 ఉండాలి. ఈ ఆరు వేలు తక్కువై ఆగిపోయినవాళ్లు ఉన్నారు. అందుకే ముందే వస్తుందా, తర్వాతా అని అడగమంటున్నాను. ఈ శాతాలు ఏటా ప్రభుత్వం కొనసాగిస్తేనే ఉంటాయి, కాబట్టి "ఈ ఏడాది కూడా ఇవే అమల్లో ఉన్నాయా సార్?" అని ఒక మాట కలపండి.

రాష్ట్ర ప్రభుత్వాలు లక్ష లోపు అప్పుకు మిగిలిన వడ్డీ కూడా తామే ఇస్తామని ప్రకటించే సున్నా వడ్డీ పథకాలు ఇంకో ఖాతా. దానికీ షరతు గడువు లోపల కట్టడమే. ఆ డబ్బు ఎప్పుడు జమ అవుతుందో మీ చేతిలో లేదు కాబట్టి మీ కాగితం మీద లెక్కలో దాన్ని కలపకండి. వస్తే సంతోషం.

మూడో ప్రశ్న: "గడువు తేదీ ఏది? ఎప్పటి నుంచి లెక్క?"

మిగతావి మరిచిపోయినా ఇది మరవకండి. "ఏడాది" అన్న జవాబుతో ఊరుకోవద్దు. తేదీ, నెల, సంవత్సరం కావాలి. బ్యాంకు పంట కోత, అమ్మకం కాలాన్ని బట్టి గడువు పెడుతుంది. మూడు శాతం ప్రోత్సాహకం ఎక్కువలో ఎక్కువ ఏడాది వరకే లెక్క కడతారు. అంటే మీ పంటకు బ్యాంకు పెట్టిన గడువు ఏడాది కంటే ముందే ఉండొచ్చు. ఖరీఫ్ అప్పుకు మార్చి నెలాఖరే గడువుగా పెట్టే చోట్లు ఉన్నాయి. వరి రైతుకు అది ఇబ్బంది కాకపోవచ్చు. మిర్చి రైతుకు మార్చి నెలాఖరంటే కల్లంలో కాయ ఇంకా ఎండుతున్న సమయం. ఆ మాట సంతకానికి ముందే మేనేజర్ గారితో చెప్పండి. మీ కాగితం చూపించి "సార్, నా పంట డబ్బు ఏప్రిల్‌లో వస్తుంది, గడువు దానికి తగ్గట్టు ఉందా?" అని అడగండి. సంతకం అయ్యాక అడిగితే మార్చడం కష్టం.

తర్వాత, విడతలుగా డబ్బు తీసుకుంటే గడువు మొదటి విడత నుంచి లెక్కా, ఏ విడతకు ఆ విడతేనా అని అడగండి. జూన్‌లో కొంత, సెప్టెంబరులో కొంత తీసుకుని, మొత్తానికి వచ్చే సెప్టెంబరు దాకా టైం ఉందనుకున్న రైతులు జూన్‌లో దెబ్బతింటారు. జవాబు ఏదైనా ఆ తేదీని పాసుబుక్కు మొదటి పేజీలో రాయించుకోండి. రాయనంటే మీరే వాళ్ల ఎదురుగా రాసి "ఇదే కదా సార్?" అని చూపించండి. ఇంట్లో ఫోన్ వాడే పిల్లలుంటే, ఆ తేదీకి నెల ముందు ఒకసారి, పది రోజుల ముందు ఒకసారి అలారం పెట్టించండి.

గడువు దాటితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. పోయేది ఆలస్యమైన రోజుల మూడు శాతం కాదు, ఏడాది మొత్తం మూడు శాతం. ఒక్క రోజు దాటినా అంతే. ఆపైన గడువు తర్వాతి రోజుల నుంచి ఏడు శాతం కూడా ఉండదు, బ్యాంకు మామూలు వడ్డీ మొదలవుతుంది. గడువు లోపల పంట రుణానికి వడ్డీ మీద వడ్డీ వేయరు, దాటాక వేస్తారు. మన రైతు జూన్ 10కి కాక జూలై 10కి కట్టాడనుకుందాం. బ్యాంకు మామూలు వడ్డీ పది శాతం అనుకుంటే, ఆ నెలకు అసలు మీదే సుమారు 1,670. ఏడాది వడ్డీ 14,000. తిరిగి వచ్చేది ఏమీ లేదు. మొత్తం 15,670. సమయానికి కడితే 8,000 అయ్యేది. ఒక్క నెలకు ఖర్చు ఇంచుమించు రెట్టింపయింది.

ఇక్కడే మిర్చి రైతులు చేసే ఒక లెక్క గురించి చెప్పాలి. ధర పెరుగుతుందని సరుకంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టేస్తారు. పెట్టడం తప్పు కాదు. అంతా పెట్టడమే తప్పు. రెండెకరాలకు నలభై క్వింటాళ్లు వచ్చిందనుకోండి, టిక్కీ నలభై కిలోల లెక్కన వంద టిక్కీలు. క్వింటా పన్నెండు వేలు పలికితే 2,14,000 కోసం దాదాపు పద్దెనిమిది క్వింటాళ్లు, అంటే నలభై ఐదు టిక్కీలు అమ్మితే చాలు. కమీషన్, హమాలీ, కిరాయి కలుపుకుని యాభై అనుకోండి. ఆ యాభై టిక్కీలు యార్డు సెలవులకు ముందే అమ్మి అప్పు తీర్చేస్తే, మిగతా యాభై ధర కోసం ధైర్యంగా ఉంచుకోవచ్చు. అలా కాక అంతా ఆపి గడువు నెల దాటించారంటే, అదనంగా పడిన 7,670 నలభై క్వింటాళ్లకు పంచితే క్వింటాకు 190 రూపాయల పైమాటే. స్టోరేజీ అద్దె దీనికి అదనం. ధర అంతకు మించి పెరిగితేనే మీకు మిగిలేది మొదలవుతుంది.

ఏప్రిల్‌లోనే తీర్చేస్తే ఇంకో మేలుంది. వడ్డీ వాడుకున్న రోజులకే. జూన్ 10న తీసుకుని ఏప్రిల్ 10న కడితే పది నెలలకు నాలుగు శాతం లెక్కన సుమారు 6,670తో పోతుంది. గడువు వరకు ఆగాల్సిన అవసరం లేదు.

అమ్మకుండా నిలుపుకోవడానికి మరో దారి కూడా ఉంది. గిడ్డంగుల నియంత్రణ సంస్థ గుర్తింపు ఉన్న గిడ్డంగిలో సరుకు పెట్టి, వాళ్లిచ్చే రసీదు మీద రుణం తీసుకుంటే, కేసీసీ ఉన్న చిన్న, సన్నకారు రైతులకు కోత తర్వాత ఆరు నెలల దాకా అదే ఏడు శాతం రేటు వర్తిస్తుంది. ప్రతి కోల్డ్ స్టోరేజీకి ఆ గుర్తింపు ఉండదు. సరుకు దించకముందే అడగండి.

నాలుగో ప్రశ్న: "మొత్తం ఒకేసారి వేస్తారా, కావలసినప్పుడు తీసుకోవచ్చా?"

కేసీసీ నిజానికి ఒక పరిమితి. ఆ పరిమితి లోపల ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, వేయొచ్చు. తీసుకున్న సొమ్ముకే వడ్డీ. కానీ చాలా చోట్ల మంజూరైన రోజే మొత్తం సేవింగ్స్ ఖాతాకు మార్చేస్తారు. అలా చేస్తే నవంబరులో కావలసిన మందుల డబ్బుకు జూన్ నుంచే వడ్డీ నడుస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఖాతాలో డబ్బు కనబడితే ఇంట్లో ఏదో ఒక అవసరం దాన్ని లాగేస్తుంది.

మన రైతు కాగితంలో జూలైలో నారుకూ దుక్కికీ 60,000, సెప్టెంబరులో 70,000, నవంబరులో 70,000, అన్నీ నెల మొదట్లోనే అని ఉందనుకుందాం. మార్చి నెలాఖరున తీర్చేస్తే, విడతలుగా తీసుకున్నందుకు నాలుగు శాతం లెక్కన వడ్డీ 4,600 అవుతుంది. జూన్ మొదట్లోనే అంతా తీసుకుని అదే మార్చి నెలాఖరున కట్టి ఉంటే 6,670 అయ్యేది. రెండు వేల పైన మిగులుతుంది, ఒక విడత మందుకొట్టే కూలీ డబ్బులు.

ఐదో ప్రశ్న: "రెన్యూవల్‌కు ఏం కట్టాలి? మళ్లీ ఎన్ని రోజుల్లో ఇస్తారు?"

అసలు మొత్తం కట్టి, కొత్తగా మళ్లీ తీసుకోవాలా, వడ్డీ కడితే సరిపోతుందా అన్నది ముందే తేల్చుకోండి. వడ్డీ మాత్రం కడితే రెన్యూవల్ చేస్తామన్న శాఖలో "అలా చేస్తే మూడు శాతం ప్రోత్సాహకం వస్తుందా?" అని సూటిగా అడగాలి. ఖాతా నడుస్తూ ఉండడం వేరు, గడువులో తీర్చినట్టు లెక్కకు రావడం వేరు.

డబ్బు సరిపోనివాళ్లు కమీషన్ వ్యాపారి దగ్గర పది రోజులకు తెచ్చి బ్యాంకులో కట్టి, కొత్త అప్పు రాగానే తిరిగి ఇచ్చేస్తారు. లెక్క ప్రకారం ఇది నష్టం కాదు. 2,14,000 రెండు రూపాయల వడ్డీకి పది రోజులకు తెస్తే సుమారు 1,430. నెల మొత్తానికి వడ్డీ కట్టమన్నా 4,280. పోయే 6,000 కంటే తక్కువే. ప్రమాదం వేరే చోట ఉంది. బ్యాంకు కొత్త అప్పు ఇవ్వడం రెండు నెలలు ఆలస్యమైతే బయటి వడ్డీ 8,500 దాటుతుంది, ఆదా చేసిందంతా పోతుంది. ఆ వ్యాపారికే సరుకు తోలాలన్న షరతు పెడితే ధర దగ్గరా నష్టపోతారు. అందుకే కొత్త మంజూరుకు కాగితాలన్నీ ముందే ఇచ్చి, ఏ రోజు డబ్బు వేస్తారో తెలిశాకే బయట తెచ్చుకోండి. అది తేలకపోతే తేవద్దనే నా మాట.

ఆరో ప్రశ్న: "పంట పోతే ఎవరికి, ఎప్పటిలోగా రాసివ్వాలి?"

ప్రకృతి వైపరీత్యం వల్ల పంట దెబ్బతింటే అప్పును రీషెడ్యూల్ చేసే వీలుంది. కానీ అది దానంతట అది జరగదు. ప్రభుత్వం మీ ప్రాంతాన్ని దెబ్బతిన్నదిగా గుర్తించాలి, మీ అప్పు అప్పటికి గడువు దాటి ఉండకూడదు. ముందే బకాయి పడ్డవాళ్లను ఇందులో చేర్చడం కష్టం. నష్టం జరిగిన వారంలోనే పొలం ఫొటోలు తీసి, సర్వే నంబరు రాసి, వ్యవసాయ అధికారికీ బ్యాంకుకీ ఒక్కో దరఖాస్తు ఇచ్చి, రెండింటికీ అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. రీషెడ్యూల్ అయిన అప్పుకు రాయితీ ఎన్నాళ్లు ఉంటుందో కూడా అడగండి. మామూలుగా మొదటి ఏడాదికే ఉంటుంది, తర్వాత బ్యాంకు మామూలు వడ్డీ.

పంటల బీమా ప్రీమియం కోస్తున్నారా, ఎంత, ఏ పంటకు అన్నదీ అడగాలి. అప్పు తీసుకున్నంత మాత్రాన బీమా తప్పనిసరి అన్న నిబంధన 2020 ఖరీఫ్ నుంచి లేదు. అప్పు ఏ పంట పేరు మీద ఉందో, పొలంలో ఉన్నదీ అదే పంట అయి ఉండాలి. వరి పేరు మీద బీమా కట్టి మిర్చి వేస్తే పరిహారం దగ్గర ఆగిపోతుంది.

రుణమాఫీ వస్తుందని కట్టకుండా ఆగాలా అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. తెలంగాణలో 2024 మాఫీ చూడండి. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 దాకా ఉన్న అప్పులకు, కుటుంబానికి రెండు లక్షల వరకు వర్తించింది. ఆ తేదీలు ఫలానావని అప్పు తీసుకున్న రోజున ఎవరికీ తెలియదు. ఆగిన ప్రతి ఏడాదీ మూడు శాతం పోతుంది, వడ్డీ మీద వడ్డీ పెరుగుతుంది. స్వల్పకాలిక పంట అప్పు రెండు పంటకాలాలు బకాయి పడితే ఖాతా మొండి బాకీ కింద చేరుతుంది. అక్కడి నుంచి కొత్త అప్పు దొరకడం కష్టం.

సంతకానికి ముందు మరో రెండు మాటలు

2025 జనవరి నుంచి రెండు లక్షల లోపు వ్యవసాయ రుణానికి భూమి తనఖా గానీ హామీదారు గానీ అడగకూడదు. అడిగితే ఎందుకో రాసిమ్మనండి. మంజూరైన మొత్తంలో ఏవైనా కోతలుంటే ఒక్కొక్కటీ విడిగా చెప్పించుకోండి. తెలియకుండా జీవిత బీమా పాలసీ అంటగట్టిన సందర్భాలు నేను చూశాను. అది మీరు కోరితేనే తీసుకోవాలి. పంట అమ్మిన డబ్బు పడే ఖాతాకు హోల్డ్ పెడతారా అని కూడా అడగండి, ఎందుకంటే కొనుగోలు కేంద్రం డబ్బు నేరుగా అక్కడికే వస్తుంది.

కట్టే రోజున

గడువుకు కనీసం వారం ముందు వెళ్లండి. చివరి రోజు ఆదివారమో, రెండో శనివారమో, సర్వర్ డౌనో కావచ్చు. ముందు రోజే వెళ్లి ఎంత కట్టాలో రూపాయలతో సహా రాయించుకోండి. నూటయాభై రూపాయలు తక్కువైనా ఖాతా పూర్తిగా తీరినట్టు కాదు. సేవింగ్స్ ఖాతాలో వేసి వచ్చేయకండి, డబ్బు లోన్ ఖాతాలోకి చేరిందో లేదో రసీదు మీద ఖాతా నంబరు చూసుకోండి. తర్వాత పాసుబుక్ ప్రింట్ వేయించి, లోన్ ఖాతాలో బాకీ సున్నా అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే నిలబడి చూడండి.

మూడు శాతం వెంటనే పడకపోవచ్చు. నెలకోసారి పాసుబుక్ ప్రింట్ వేయించి 6,000 జమ వెతకండి. రెండు మూడు నెలలైనా కనబడకపోతే, కట్టిన తేదీ, రసీదు నంబరు రాసి మేనేజర్ గారికి దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే అదే నకలుతో జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్‌ను కలవండి.